ఇంటర్వ్యూకు ముందే తేలాల్సిన విషయం: కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. నాకు వినికిడి లోపం ఉంది. వినికిడి యంత్రం పెట్టుకున్నా, ఎదుటివారి పెదవులు స్పష్టంగా కనిపిస్తే తప్ప మాట పూర్తిగా అందదు. ఇటీవల ఒక సంస్థ లెక్కల తనిఖీ ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూకు పిలిచినప్పుడు, బోర్డు సభ్యులు ఎవరి కంప్యూటర్ ముందు వారు కూర్చోవాలనీ, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలనీ, అడిగిన ప్రశ్నను చాట్‌లో కూడా పెట్టాలనీ ముందుగానే ఈమెయిల్‌లో కోరాను. ఆ రోజు చూసుకుందామని జవాబిచ్చారు.

తీరా ఆ రోజు ముగ్గురు సభ్యులూ ఒకే ల్యాప్‌టాప్‌కు దూరంగా, కిటికీకి వీపు పెట్టి కూర్చోవడంతో వారి ముఖాలు నీడల్లా కనిపించాయి. క్యాప్షన్లు పెట్టారు, నిజమే. కానీ ఒకే మైకులో ముగ్గురి గొంతులు కలిసినప్పుడు ఏ మాట ఎవరిదో వాటిని బట్టి తెలియలేదు, వృత్తి పదాలు తప్పుగా పడ్డాయి, ప్రతి వాక్యమూ ఆలస్యంగా తెర మీదికి వచ్చింది. అది చదివి నేను జవాబు మొదలుపెట్టేలోపే తదుపరి ప్రశ్న వచ్చేసేది. చివరికి, భావ వ్యక్తీకరణలో మార్కులు తగ్గాయన్నారు. వారు కొలిచింది నా వ్యక్తీకరణను కాదు, క్యాప్షన్ల ఆలస్యాన్ని.

వికలాంగులకు అవసరమైన, సంస్థ మోయగల ఏర్పాటును, అంటే సహేతుకమైన సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షేనని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక రెండవ అధికరణం చెబుతోంది. నియామక ప్రక్రియలోనూ వివక్ష కూడదని 27వ అధికరణం అంటోంది. నా విషయంలో ఎవరూ కాదనలేదు, సరేనని కూడా అనలేదు. ఇలా తేల్చకుండా వదిలేయడమే ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే నిరాకరణ మీద ఫిర్యాదు చేయవచ్చు గానీ, దాటవేతకు రుజువు దొరకదు.

కనుక ఇంటర్వ్యూ పిలుపులోనే సర్దుబాట్ల కోసం ఎవరికి రాయాలో తెలపాలనీ, అభ్యర్థి కోరినదానికి ఇంటర్వ్యూకు ముందే లిఖితపూర్వకంగా బదులివ్వాలనీ యజమానులను ఆదేశించవలసిందిగా కోరుతున్నాను. సంస్థ అడగవలసింది చెవికి వచ్చిన జబ్బు చరిత్ర కాదు, ఏ పరిస్థితిలో మాట అందదన్నది మాత్రమే. ఒప్పుకున్న ఏర్పాటును ముందురోజు అభ్యర్థితో కలిసి పది నిమిషాలు సరిచూసుకుంటే, కిటికీ వెలుతురు వంటి చిక్కులు అప్పుడే బయటపడతాయి. క్యాప్షన్లు చదివే సమయాన్ని జవాబుకిచ్చిన సమయంలోంచి మినహాయించకూడదని బోర్డుకు చెప్పాలి.

కోరినదల్లా ఇవ్వాలని నేను అనడం లేదు. సంస్థకు మోయలేని భారమైతే కాదనవచ్చు, ఉద్యోగానికి కావలసిన అర్హతను తగ్గించనక్కరలేదు. అయితే కాదన్నప్పుడు కారణాన్నీ, బదులుగా ఇవ్వగల మరో ఏర్పాటునూ రాసి పంపాలి. మార్కుల పత్రంతో పాటు ఆ ఉత్తరాన్ని కూడా భద్రపరచాలనీ, అభ్యర్థి ఫిర్యాదు చేస్తే మీ శాఖ అధికారులు రెండింటినీ కలిపి పరిశీలించాలనీ విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక ఉద్యోగార్థి