మలం తారులా నల్లగా వస్తే తెల్లారేదాకా ఆగొద్దు

సంపాదకుడు గారికి,

నమస్కారం. గుండెపోటు, పాముకాటు గురించి మీ జిల్లా పేజీలో తరచూ రాస్తుంటారు. వాటితో సమానంగా ప్రాణం తీసే ఇంకొకటి మా పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్ళలో ఉంది. దాన్ని జనం "వేడి చేసింది" అని వదిలేస్తున్నారు. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. కడుపులో పుండు పడి నెత్తురు కారడం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా వీధి చివర అరవై దాటిన ఒక రైతు ఉన్నారు. గుండె జబ్బుకు రోజూ ఆస్పిరిన్ 75 వేసుకుంటారు. ఊడ్పుల తర్వాత మోకాళ్ళ నొప్పులు ఎక్కువై, ఒక మందుల షాపులో ఇచ్చిన పొట్లాలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున మూడు వారాలు మింగారు. నొప్పి తగ్గింది, పనికి వెళ్ళారు. ఒకరోజు విరేచనం నల్లగా అయింది. "చోడి అంబలి తాగాను కదా, అదే అయ్యుంటుంది" అనుకుని ఊరుకున్నారు. మర్నాడు కళ్ళు తిరిగితే మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టారు. ఆ రాత్రి ఆయన కోడలు పరుగున వచ్చింది. "పిన్నీ, మావయ్యకి విరేచనం తారులాగ అవుతోంది, నీళ్ళు పోసినా దొడ్డిగచ్చు వదలట్లేదు, కంపు భరించలేకపోతున్నాం. ఏటిది?" అంది.

అంతకన్నా సరిగ్గా ఏ వైద్యుడూ చెప్పలేడు. కడుపులోనో, దాని కింద చిన్నపేగు మొదట్లోనో పుండు నుంచి కారిన నెత్తురు ఆమ్లంలో మారి, పేగంతా దిగేసరికి నల్లగా, నిగనిగలాడుతూ, బంకలా అవుతుంది. దాని కంపు మామూలు కంపు కాదు, ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. 50 నుంచి 100 మిల్లీలీటర్ల నెత్తురు, అంటే చిన్న టీ గ్లాసుడు కారినా మలం ఇలా మారొచ్చు. ఐరన్ మాత్రలు వేసుకునే గర్భిణులకు కూడా మలం నల్లగానే వస్తుంది. కానీ అది కాస్త పచ్చదనం కలిసిన నలుపు, మామూలుగా గట్టిగానే ఉంటుంది, బంకలా అంటుకోదు, ఈ కంపు ఉండదు. చోడి అంబలి తాగినా తారులా రాదు. తేడా తేల్చుకోలేకపోతే ఆసుపత్రిలోనే తేల్చుకోవాలి. వాంతిలో ఎర్ర నెత్తురు గానీ, కాఫీ పొడి కలిపినట్టు నల్లటి నలుసులు గానీ పడితే ఇంక ఆలోచించే పనే లేదు.

కడుపునొప్పి లేదు కాబట్టి పుండు కాదనుకోవడం పెద్ద పొరపాటు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కడుపు లోపలి పొరను కాపాడే రక్షణను తగ్గిస్తాయి, పుండు నొప్పి కూడా పైకి తెలియనివ్వవు. అందుకే పెద్దవయసు వాళ్ళలో చాలామందికి పుండు ఉన్నట్టు మొదట తెలిసేది నెత్తురు పడ్డప్పుడే. డైక్లోఫెనాక్‌కు ఆస్పిరిన్ తోడైతే ముప్పు ఎక్కువ. ఆ పొట్లాల్లో స్టెరాయిడ్ మాత్ర కూడా కలిపి ఇవ్వడం ఉద్యోగంలో ఉండగా నేను చాలాసార్లు చూశాను. అది కలిస్తే ముప్పు మరీ పెరుగుతుంది. పొట్లం మీద పేరుండదు, లోపల ఏముందో వేసుకునేవాడికి తెలియదు.

ఆ రాత్రి పెద్దాయన నాడి నిమిషానికి 118 కొట్టుకుంటోంది. లేచి కూర్చుంటే చెమటలు పట్టి ఒరిగిపోతున్నారు. దగ్గర్లోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తపరీక్ష చేసి, "హిమోగ్లోబిన్ 11 ఉంది, గాభరా పడకండి, గ్యాస్ ఇంజెక్షన్ వేస్తాం, పొద్దున రండి" అన్నారు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఈ మాటే.

నెత్తురు కారిన తొలి గంటల్లో హిమోగ్లోబిన్ అంకె మోసం చేస్తుంది. ఒంట్లోంచి పోయేది మొత్తం నెత్తురు కాబట్టి మిగిలిన దాని చిక్కదనం వెంటనే మారదు. తర్వాత ఒంట్లో నీరు రక్తనాళాల్లోకి చేరి, సెలైన్ కూడా ఎక్కాక గానీ అసలు అంకె బయటపడదు. దానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైన పడుతుంది. అప్పటిదాకా నిజం చెప్పేది నాడి, బీపీ, లేచి నిలబడితే మనిషి ఎలా ఉన్నాడన్నది. నాడి వంద దాటినా, పై బీపీ వందకన్నా తగ్గినా, చేతులు చల్లబడినా మనిషి ప్రమాదంలో ఉన్నట్టే. బీపీకి, గుండెకు కొన్ని రకాల మందులు వాడేవాళ్ళలో నాడి పెరగకుండానే ప్రమాదం ముంచుకొస్తుంది. ఈ పెద్దాయనకు తెల్లవారి మళ్ళీ పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7కి దిగింది.

అదృష్టం కొద్దీ ఇంట్లోవాళ్ళు పొద్దున దాకా ఆగలేదు. అయితే బరంపురమా, శ్రీకాకుళమా అన్న వాదనతో గంటకు పైగా గడిచింది. మా సరిహద్దు ఊళ్ళ కష్టం ఇదే. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, వేరే రాష్ట్రం. చుట్టాలందరూ అటు, కార్డులన్నీ ఇటు. ఈ రోగికి దగ్గర ఏది అన్నది కాదు ముఖ్యం, ఆ పూట ఎండోస్కోపీ చేసే డాక్టరు, ఆయన గ్రూపు నెత్తురు ఎక్కడ ఉన్నాయన్నది ముఖ్యం. ముందు సెలైను, అవసరమైతే నెత్తురు ఎక్కించి మనిషిని నిలబెడతారు. ఆ తర్వాత 24 గంటల లోపు నోట్లోంచి గొట్టం వేసి పుండును చూడాలి. ఈయనకు పేగు మొదట్లో పుండు, దాని మధ్యలో తెరుచుకున్న నాళం కనిపించాయి. మందు ఇంజెక్షన్ చేసి, చిన్న క్లిప్పు వేసి ఆపారు. కోత పడలేదు.

బండి వచ్చేలోగా ఇంట్లోవాళ్ళు చేయాల్సింది కొంచెమే. మజ్జిగ, నీళ్ళతో సహా నోటికి ఏదీ ఇవ్వొద్దు. ఎండోస్కోపీకి కడుపు ఖాళీగా ఉండాలి, మత్తుగా ఉన్న మనిషికి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. వాంతి అవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నడిపించొద్దు, బైకు మీద కూర్చోబెట్టొద్దు, 108కి ఫోన్ చేయాలి. వేసుకుంటున్న మందులన్నీ, ఆ పొట్లాలతో సహా సంచిలో వేసుకెళ్ళాలి. నొప్పి మాత్రలు ఆ క్షణమే మానాలి. గుండెకు వాడే ఆస్పిరిన్ సంగతి మాత్రం డాక్టరే చెప్పాలి. స్టెంట్ ఉన్నవాళ్ళు సొంతంగా మానేసి కూర్చుంటే అదొక ముప్పు. మద్యం వల్ల కాలేయం చెడినవాళ్ళకు ఒక్కసారిగా ఎర్ర నెత్తురు వాంతి అయితే అది పుండు కాకుండా గొంతు కింద ఉబ్బిన నాళాలు పగిలినదై ఉండొచ్చు. వాళ్ళ జబ్బు సంగతి ముందే చెబితే డాక్టరు చికిత్స దానికి తగ్గట్టు మొదలుపెడతాడు.

నెత్తురు ఆగాక ఇంకో పని మిగిలే ఉంటుంది. పుండుకు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కూడా కారణం కావచ్చు. దాన్ని కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. దానికి పరీక్ష చేయించాలి, నెత్తురు కారుతున్నప్పుడు చేసిన పరీక్షలో లేదని వస్తే తర్వాత మళ్ళీ చేయించాలి. ఉంటే సాధారణంగా రెండు వారాల మందుల కోర్సు మధ్యలో ఆపకుండా వాడాలి. దీన్ని వదిలేస్తే పుండు మళ్ళీ తిరగబెడుతుంది.

అధికారులను నేను కోరేవి రెండే. డైక్లోఫెనాక్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. పేరులేని పొట్లాల అమ్మకం మీద సరిహద్దుకు రెండు వైపులా డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తనిఖీ చేయాలి. రెండోది, ఆ రోజు ఎండోస్కోపీ, రక్తం ఎక్కడ దొరుకుతాయో ఫోన్ నంబర్లతో సహా ప్రతి సర్కారు ఆసుపత్రి గుమ్మం దగ్గరా ఒడియాతో పాటు తెలుగులో కూడా రాసి పెట్టాలి. అంబులెన్స్ సిబ్బంది దగ్గర కూడా అదే కాగితం ఉండాలి.

ఇట్లు,
రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా