ఎనిమిదో తరగతి టైమ్ టేబుల్: ముందు ఖాళీలు లెక్కపెడదాం

ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల వార్తాలేఖలో ఒక్క విషయమే రాస్తున్నాను. మన పిల్లలు ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకు తయారవుతున్నారు. ఇంట్లో గోడకు అంటించుకోవడానికి వారానికి సరిపడా టైమ్ టేబుల్ ఒకటి గీసుకురమ్మని చెప్పాను. వచ్చిన కాగితాలు చూశాక మీకు ఈ ఉత్తరం రాయాలనిపించింది. చదివే తీరిక లేనివాళ్లకు పిల్లలే చదివి వినిపించాలి, అది కూడా హోంవర్కే.

ముందు పరీక్ష సంగతి రెండు మాటల్లో. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు వచ్చి (ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50), ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని పిల్లలు రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు సంవత్సరానికి 12,000 రూపాయలు వస్తాయి. పేపర్లు రెండు. ఒకటి మ్యాట్, అంటే బుద్ధికి పదును పెట్టే ప్రశ్నలు, 90. రెండోది శాట్, అంటే పాఠాల ప్రశ్నలు, అవీ 90. ఒక్కో పేపరుకు 90 నిమిషాలు. శాట్‌లో సైన్సుకు 35, సోషల్‌కు 35, లెక్కలకు 20. ఈమధ్య మన రాష్ట్రంలో ఇది డిసెంబరు మొదట్లో జరుగుతోంది. అంటే మన చేతిలో పదహారు వారాలున్నాయి.

ఇక టైమ్ టేబుళ్ల సంగతి. ఒకమ్మాయి తెచ్చిన కాగితం నా బల్ల మీద ఇప్పటికీ ఉంది. డ్రాయింగ్ షీటు, స్కెచ్ పెన్నులతో నాలుగు రంగులు, చుట్టూ పూల అంచు. పొద్దున నాలుగున్నర నుంచి ఏడున్నర వరకు చదువు, సాయంత్రం బడి నుంచి రాగానే మొదలుపెట్టి రాత్రి పది దాకా చదువు. ఆదివారం పొద్దున్నుంచి రాత్రి వరకు. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. అన్నం తినే టైమ్ కూడా రాయలేదు. సోమవారం మొదలుపెట్టిందట, బుధవారానికి ఆగిపోయింది. "నావల్ల కాదు సార్" అంది. పిల్లలో లోపమేం లేదు, కాగితంలోనే ఉంది. ఆమె ఎలా బతుకుతోందో ఆ కాగితానికి తెలియదు.

అందుకే ఆమెతో మొదట చదువు గురించి కాకుండా మామూలు రోజు గురించి మాట్లాడాను. ఒక వారం ఏమీ మార్చకుండా, ఏ టైముకి ఏం చేసిందో అరగంటకోసారి నోటు పుస్తకంలో రాయమన్నాను. మీరూ ఇక్కడి నుంచే మొదలుపెట్టించండి. వారం తరువాత ఆ పుస్తకంలో తేలింది ఇది. నాలుగున్నరకు ఇల్లు చేరుతుంది. అయిదున్నర దాకా ఏదో తిని, వీధిలో ఆడుకుంటుంది. ఆ తరువాత అరగంట ఇల్లు ఊడ్చి, తమ్ముడికి స్నానం చేయిస్తుంది. అమ్మ పొలం నుంచి వచ్చి పొయ్యి వెలిగించాక, ఏడు నుంచి ఏడున్నర వంటలో సాయం, భోజనం. తొమ్మిదిన్నరకల్లా నిద్ర. పొద్దున అయిదుంబావుకి లేస్తుంది, ఆరున్నర తరువాత నీళ్లు పట్టడం, బడికి తయారవడం. ఇవన్నీ పెన్నుతో రాయించాను. పెన్నుతో రాసినవి కదలవు. ఆటని కూడా పెన్నుతోనే రాయించాను, దాన్ని తీసేద్దామని ఆ ఇంట్లో చిన్న చర్చ జరిగిందని తెలుసు.

ఇప్పుడు మిగిలిన అరగంటలు లెక్కపెడదాం. పొద్దున అయిదున్నర నుంచి ఆరున్నర వరకు రెండు గడులు. సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు రెండు. రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది వరకు మూడు. రోజుకి ఏడు. సోమవారం నుంచి శనివారం దాకా 42. ఆదివారం బట్టలు ఉతుక్కోవడం, తలంటు, చుట్టాలు పోను ఎనిమిది. మొత్తం 50 గడులు. "అమ్మో, యాభయ్యా" అని సంతోషపడింది. ఆ సంతోషం కాసేపే. బడిలో ఇచ్చిన హోంవర్కుకి రోజుకి గంటన్నర పడుతోందని ఆమె పుస్తకమే చెప్తోంది. ఆరు రోజులకు 18 గడులు అక్కడే పోయాయి. మిగిలినవి 32.

ఈ 32 నింపే ముందే ఎనిమిది గడులు ఖాళీగా వదలమన్నాను. రోజుకొకటి, ఆదివారం రెండు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే నాతో ఒప్పుకోరు. ఖాళీ గడి అంటే సోమరితనం కాదండీ. మంగళవారం ఎనిమిదింటికి కరెంటు పోయింది, ఆ అరగంట చదువు ఎక్కడికి వెళ్లాలి? ఎనిమిదిన్నర ఖాళీ గడిలోకి. ఆ గడి లేకపోతే బుధవారం మీద పడుతుంది, బుధవారానిది గురువారం మీద పడుతుంది, శనివారానికి టైమ్ టేబుల్ గోడ దిగుతుంది. ఏమీ తప్పిపోని రోజు ఆ అరగంట పిల్లదే, కావాలంటే టీవీ చూసుకోనివ్వండి.

ఇక మిగిలినవి 24. ఆదివారం ఆరు, మిగతా రోజుల్లో మూడేసి చొప్పున 18. వీటిని పెన్సిల్‌తో రాయాలి.

పంచడంలో పిల్లలు ఒకే తప్పు చేస్తారు. ఇష్టమైన సబ్జెక్టుకి ఎక్కువ ఇస్తారు, లేదా భయమున్న లెక్కలకే అంతా ఇస్తారు. ఈమె మొదటి కాగితంలో సగం లెక్కలే. కానీ లెక్కలకు ఉన్నవి 180లో 20 మార్కులు, సోషల్‌కి 35. సోషల్ ఆ కాగితంలో ఆదివారం సాయంత్రం ఒక్కసారే కనిపించింది. మ్యాట్ అసలు లేనే లేదు. సగం మార్కులు మ్యాట్‌వే, పైగా దానికి బడిలో పీరియడ్ లేదు, పాఠ్యపుస్తకం లేదు. ఎనిమిదో తరగతి సైన్సు, సోషల్ ఎలాగూ హోంవర్కు గడుల్లో చదువుతూనే ఉంది. కాబట్టి పెన్సిల్ గడులు ముందుగా మ్యాట్‌కి, తరువాత మరిచిపోయిన ఏడో తరగతి పాఠాలకి వెళ్లాలి. ఇద్దరం కూర్చుని చేసింది ఇది.

| రోజు | ఉదయం 5:30 | 6:00 | రాత్రి 8:00 | 8:30 |
|---|---|---|---|---|
| సోమ | మ్యాట్ | లెక్కలు | సోషల్ | ఖాళీ |
| మంగళ | మ్యాట్ | లెక్కలు | సైన్సు | ఖాళీ |
| బుధ | మ్యాట్ | సైన్సు | సోషల్ | ఖాళీ |
| గురు | మ్యాట్ | లెక్కలు | సోషల్ | ఖాళీ |
| శుక్ర | మ్యాట్ | లెక్కలు | సైన్సు | ఖాళీ |
| శని | మ్యాట్ | సైన్సు | సోషల్ | ఖాళీ |

సాయంత్రం ఆరు నుంచి ఏడు, ఏడున్నర నుంచి ఎనిమిది హోంవర్కు, అది పట్టికలో చూపలేదు.

మ్యాట్ ఆదివారం మూడు గంటలు చేసే బదులు రోజూ అరగంట ఎందుకు? ఆ ప్రశ్నలు కంటికి అలవాటు కావాలి. 3, 6, 11, 18, 27 తరువాత ఏమిటి? మొదటిసారి చూసిన పిల్ల వేళ్ల మీద లెక్కపెడుతుంది. తేడాలు 3, 5, 7, 9 అని పట్టుకోవడానికి రెండు నిమిషాలు, తరువాత 11 కలిపి 38 అనడానికి ఇంకొంచెం. పది రోజులు వరసగా శ్రేణులు చేశాక కన్ను నేరుగా తేడాల మీదికే పోతుంది. పరీక్షలో ఒక్కో ప్రశ్నకు దొరికేది ఒక్క నిమిషం. అందుకే ఆ అరగంటని కూడా విడగొట్టాం: గడియారం పెట్టుకుని 20 నిమిషాల్లో 20 ప్రశ్నలు, మిగిలిన పది నిమిషాలు తప్పులు చూసుకోవడం. సోమవారం శ్రేణులు, మంగళవారం కోడింగ్, బుధవారం అద్దంలో బొమ్మలు, ఇలా.

ఇంకో చిన్న మాట. గడిలో "లెక్కలు" అని రాస్తే చాలదు. పొద్దున్నే కళ్లు నులుముకుంటూ పుస్తకం తెరిచి ఏ లెక్క చేయాలా అని వెతుక్కునేసరికి పది నిమిషాలు పోతాయి. "ఏడో తరగతి, నిష్పత్తి, పది లెక్కలు" అని రాయాలి. గోడ మీది పట్టిక మారదు, ఏ పాఠమన్నది మాత్రం ఆదివారం ఒక చిన్న చీటీ మీద వారానికి సరిపడా రాసి పక్కన అంటించాలి.

ఆదివారం ఆరు గడుల్లో మొదటి మూడు పాత ప్రశ్నపత్రానికి. ఒక వారం మ్యాట్, మరో వారం శాట్, మధ్యలో లేవకుండా 90 నిమిషాలు. తరువాతి రెండు తప్పుల కోసం. మార్కులు ఎన్ని వచ్చాయన్నది మీరు అడగకపోయినా పరవాలేదు. ఏ తప్పు తెలియక చేసింది, ఏది తొందరలో చేసింది, ఏది టైమ్ చాలక వదిలేసింది అని మూడు వరసల్లో రాయించండి. ఈ పరీక్షకు నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి మూడో వరసలో ఖాళీగా వదిలిన ప్రశ్న ఒక్కటి కూడా ఉండకూడదు. చివరి గడి వచ్చే వారం చీటీ రాసుకోవడానికి.

పట్టిక పనిచేస్తోందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? చేసిన గడిలో టిక్కు, చేయనిదానిలో సున్నా పెట్టమన్నాను. మొదటి వారం ఈ అమ్మాయి 24లో 15 టిక్కులు తెచ్చింది. నేను చూసింది ఆ పదిహేనుని కాదు. తొమ్మిది సున్నాల్లో నాలుగు రాత్రి ఎనిమిది గంటల గడివే. అన్నం తిన్నాక హోంవర్కు ముగించి సోషల్ పుస్తకం పట్టుకుంటే నిద్ర ముంచుకొస్తోంది. తిట్టి ప్రయోజనం లేదు, గడి మార్చాలి. సాయంత్రం ఆరింటికి సోషల్, సైన్సు తెచ్చి, హోంవర్కులో రాత పని ఎనిమిదింటికి పంపాం. రాస్తూ ఉంటే నిద్ర అంత త్వరగా రాదు. చదివేది కూడా పుస్తకం మూసి అయిదు ప్రశ్నలకు తమ్ముడికి జవాబు చెప్పేలా పెట్టాం. తమ్ముడికి ఏమీ అర్థం కాదు, కానీ బాగా వింటాడు. మరుసటి వారం టిక్కులు 20.

ఒకే గడిలో రెండు వారాలు వరసగా సున్నాలు వస్తే గడి మార్చండి. సున్నాలు చెల్లాచెదురుగా ఉంటే పట్టిక జోలికి వెళ్లకండి, అవి మామూలే. వారానికి పన్నెండు టిక్కులు కూడా రాకపోతే గడులు ఎక్కువయ్యాయని అర్థం, అప్పుడు నాలుగు గడులు చెరిపేసి చూడండి. బడి పరీక్షల వారంలో పొద్దున మ్యాట్ ఒక్కటి ఉంచి, మిగతావన్నీ బడి పరీక్షకే ఇచ్చేయండి. శాట్ పాఠాలు కూడా ఏడు, ఎనిమిది తరగతులవే కాబట్టి ఆ చదువు ఎక్కడికీ పోదు.

నిద్ర గడుల్లోంచి మాత్రం ఏదీ తీసుకోవద్దు. పొద్దున నాలుగున్నరకు లేపిన పిల్లలు మూడో పీరియడ్‌లో ఎలా తూగుతారో నాకు కనిపిస్తుంది, మీకు కనిపించదు.

పొలం పనుల రోజుల్లో, కోతలప్పుడు పట్టిక తలకిందులవుతుందని తెలుసు. ఏ వారాల్లో పిల్లల సాయం తప్పదో ముందే చెప్పండి, ఆ వారాలకు పది గడుల చిన్న పట్టిక వేరే వేసిస్తాను. చెప్పడానికి మొహమాటం వద్దు.

వచ్చే శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఎనిమిదో తరగతి గదిలో కూర్చుందాం. అమ్మగానీ నాన్నగానీ నాయనమ్మగానీ, ఇంట్లో పిల్లల టైమ్ బాగా తెలిసినవాళ్లు ఒకరు రండి. ఈ వారం రాయించిన అరగంటల నోటు పుస్తకం, ఒక పెన్సిలు, ఒక రబ్బరు తీసుకురండి. కాగితం కొనక్కర్లేదు, పాత క్యాలెండర్ వెనక వైపు సరిపోతుంది. స్కెచ్ పెన్నులు ఇంట్లోనే ఉంచండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల