సిఫారసు లేఖా, సత్ప్రవర్తన సర్టిఫికెట్టా?

సంపాదకుడు గారికి,

మన పిల్లలకు ఇంగ్లీషు సరిగా రాకనే విదేశాల్లో సీట్లు రావడం లేదని ఒక పెద్దమనిషి సభలో సెలవిచ్చినట్టు పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివాను. అప్పుడే రాయాల్సింది, కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

మా అన్న మనవరాలు అమెరికాలో ఎత్నోమ్యూజికాలజీలో మాస్టర్స్‌కు అప్లై చేస్తోంది. పాటను, దాన్ని పాడే మనుషులతో, పాడే సందర్భంతో కలిపి చదివే చదువు అది. పిల్ల ఇంగ్లీషు బాగానే ఉంది. ఇబ్బందల్లా సిఫారసు లేఖతోనే.

ఈ పిల్ల రెండేళ్లు ఐనవోలు మల్లన్న జాతరకు పోయి ఒగ్గు కథలు రికార్డు చేసింది. ఒకే కథను ఒకే బృందం రెండు ఊళ్లలో చెప్తే రెండూ విని, ఎక్కడెక్కడ తేడా వచ్చిందో రాసుకుంది. కథకుడు వచనంలోంచి పాటలోకి మళ్లే ముందే డోలు దరువు మారుతుందని, అంటే దారి చూపేది ఒక్కోసారి డోలేనని పట్టుకుంది. మల్లన్న ముందు రంగుల ముగ్గుతో పట్నం వేసేటప్పుడు పాడే పాటలు రికార్డు చేసినా, పూజారులు వద్దన్నారని ఎక్కడా బయటపెట్టలేదు.

లేఖ కోసం ఇక్కడి యూనివర్సిటీలో పెద్ద సారు దగ్గరికి పోతే, "నువ్వే రాసుకొని రామ్మా, సంతకం పెడతా" అన్నారు. మీ మాటల్లో ఉంటే బాగుంటుంది సార్ అని పిల్ల బతిమిలాడితే, తన పాత నమూనా ఒకటి డీటీపీ సెంటర్‌కు పంపారు. అక్కడ పేరు మార్చి ప్రింటు తీశారు. ఆ కాగితం నేను కళ్లారా చూశాను. వినయశీలి, కష్టపడే స్వభావం, నాకు మూడేళ్లుగా తెలుసు, ఉజ్వల భవిష్యత్తు కోరుతున్నాను. రెండో పేరాలో మా పిల్ల "అతడు" అయి, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కూడా పూర్తి చేశాడు! ఒగ్గు అన్న మాట ఒక్కచోట లేదు.

నేను ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో పనిచేశాను. గెజిటెడ్ ఆఫీసర్లు ముఖం చూడకుండానే ఆకుపచ్చ సిరాతో "వీరిని నేను వ్యక్తిగతంగా ఎరుగుదును" అని రాసిచ్చిన కాగితాలు లెక్కలేనన్ని చూశాను. ఆ అలవాటే యూనివర్సిటీ దాకా పాకినట్టుంది. కానీ అమెరికాలో ఆ లేఖ చదివేవాళ్లకు నడవడిక సర్టిఫికెట్ అక్కర్లేదు. ఈ పిల్ల మీకు ఏ క్లాసులో, ఎంతకాలంగా తెలుసు, ఏం పని చేస్తుండగా చూశారు, ఇంకా ఏం రాదు అని వాళ్లకు కావాలి. మార్కులు మెమోలోనే ఉంటాయి కదా.

ఇంకో విడ్డూరం. లేఖను తర్వాత చూసే హక్కు వదులుకుంటున్నానని విద్యార్థి అప్లికేషన్‌లో టిక్కు పెడుతుంది. అలా చాటుగా రాసిన లేఖ అయితేనే చదివేవాళ్లకు నమ్మకం. చూడనని టిక్కు పెట్టిన లేఖను తనే రాసుకొని రమ్మంటే ఏమనాలి? పైగా పిల్ల వ్యాసంలోని మాటలే సారు లేఖలో కనిపిస్తే, రెండూ ఒకే చేయి రాసిందని వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

పిల్లతో పాటు జాతరకు వచ్చి, రాత్రంతా చలిలో కూర్చున్న కాంట్రాక్టు లెక్చరర్ ఒకాయన ఉన్నారు. ఆయన అడగ్గానే ఒప్పుకొని, వారంలో రాసి పంపేశారు. ఏం రాశారో పిల్లకు చెప్పలేదు, నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పారు: "పాశ్చాత్య స్వరలిపి ఇంకా రాదని, దరువును డోలు మాటల్లోనే రాసుకుంటుందని కూడా పెట్టినండి." లోపం ఎందుకు రాశారండీ అని మొదట నాకు గుండె గుభేలుమంది. తర్వాత అర్థమైంది. ఆయన చూశాడు కాబట్టే ఆ సంగతి రాయగలిగాడు.

మరి పెద్ద సారు దగ్గరికి ఎందుకు పోయారంటారా? తప్పు మాదే. పేరు కింద పెద్ద హోదా ఉంటే బరువని ఇంట్లో పెద్దలం పట్టుబట్టాం. కాంట్రాక్టు అనే మాట మాకూ చిన్నగానే వినిపించింది. ఏళ్ల తరబడి ఆయన్ని పర్మినెంట్ చేయని ప్రభుత్వాన్ని కూడా ఇక్కడే తిట్టాలి గానీ, అది ఇంకో ఉత్తరం.

ఇప్పుడు సంగతి ఏమిటంటే, సంతకం పెట్టిన కాగితం ఎవరూ తీసుకోరు. అమెరికా యూనివర్సిటీ వాళ్లు సారు ఆఫీసు మెయిల్‌కే లింకు పంపుతారు, లేఖ ఆయనే అందులో ఎక్కించాలి. సారు ఆ మెయిల్ తెరిచి ఎన్నాళ్లయిందో, పాస్‌వర్డ్ క్లర్కుకు తెలుసంటున్నారు. క్లర్కు సెలవులో ఉన్నాడు. గడువు ఇంకా తొమ్మిది రోజులుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత పోస్టుమాస్టరు, హనుమకొండ