ఎముక అంచు మీద పెన్సిల్ పెట్టే పరీక్ష కావాలి: వైద్య విద్యా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నేను రేడియాలజీ పీజీలకు పాఠం చెప్పేవాడిని. ముందు నా తప్పు ఒకటి చెప్పుకుని, ఆ తర్వాత అడగాల్సింది అడుగుతాను.

ట్రెయినింగ్ మొదటి ఏడాదిలో పద్నాలుగేళ్ల అబ్బాయి ఎక్స్‌రే నా ముందుకొచ్చింది. మోకాలి పైన మూడు వారాలుగా నొప్పి, రాత్రిళ్లు ఎక్కువ. తొడ ఎముక కింది భాగంలో మసక మచ్చ, పక్కన ఎముక పైపొర అయిన పెరియోస్టియమ్ లేచి ఉంది. జ్వరం కూడా ఉందనేసరికి రిపోర్టులో "ఇన్ఫెక్షన్" అని రాసేశాను. యాంటీబయాటిక్స్ మొదలయ్యాయి. ఐదు వారాలకు మళ్లీ తీసిన ఎక్స్‌రేలో మచ్చ పెరిగింది. బయాప్సీలో ఆస్టియోసార్కోమా అనే ఎముక కాన్సర్ అని తేలింది.

పాత ఫిల్మ్ మళ్లీ తీసి చూశాను. మచ్చ అంచు మీద పెన్సిల్‌తో గీత గీయబోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మచ్చ నుంచి మంచి ఎముకలోకి మార్పు సన్నగీతలా ఉంటే ఎముకకు ఆ గడ్డను ఆపే టైమ్ దొరికిందన్నమాట. ఇలా చెదిరి కలిసిపోతే దొరకలేదన్నమాట. దీన్నే జోన్ ఆఫ్ ట్రాన్సిషన్ అంటాం. పెరియోస్టియమ్ కూడా అదే చెప్పింది. గడ్డ వేగంగా తోసుకొస్తే పైపొర లేస్తుంది, కొత్త ఎముక గట్టిపడేది లేచిన అంచు దగ్గరే. అదే కాడ్‌మన్ త్రికోణం. మధ్యలో సూదుల్లా బయటికి పొడుచుకొచ్చిన గీతలూ ఉన్నాయి. నేను చూశాను, పట్టించుకోలేదు.

అయితే ఒక మాట. చీము పట్టినా అంచు చెదురుతుంది, కాడ్‌మన్ త్రికోణం కూడా రావచ్చు. అందుకే "కాన్సర్" అని రాయకపోవడం నా తప్పు కాదు. "వేగంగా పెరుగుతున్న మచ్చ, ఇన్ఫెక్షనో ట్యూమరో దీన్నిబట్టి చెప్పలేం, ఎమ్మారై తీసి, ఆపరేషన్ చేసే టీమ్‌తో మాట్లాడి బయాప్సీ చేయండి" అని రాయకుండా ఒకటే పేరు ఖాయం చేసేయడం తప్పు. నలభై దాటినవాళ్లలో ఇంకో చిక్కుంది. వేరే చోటి నుంచి ఎముకకు పాకిన కాన్సర్ అయిన మెటాస్టాసిస్, ఎముక మజ్జలో పుట్టే కాన్సర్ అయిన మైలోమా కొన్నిసార్లు చక్కటి అంచుతోనే కనిపిస్తాయి. వయసు చూడకుండా అంచును నమ్మితే మోసపోతాం.

ఇప్పటి పీజీలు నేరుగా ఎమ్మారై తెరుస్తున్నారు. అందులో గడ్డ చుట్టూ వాపు కూడా మెరుస్తుంది కాబట్టి మామూలు గడ్డ కూడా భయంకరంగా కనపడుతుంది. మచ్చ ఎంత వేగంగా పెరుగుతోందో చెప్పేది ఎక్స్‌రేనే.

అందుకే అడుగుతున్నాను. ప్రాక్టికల్ పరీక్షలో, బయాప్సీ ఫలితం తెలిసిన ఎక్స్‌రేలు పది, పేరూ హిస్టరీ లేకుండా, వయసు మాత్రం చెప్పి ఇవ్వండి. అభ్యర్థి ముందు అంచు గీయాలి, పెరియోస్టియమ్ ఎలా ఉందో రాయాలి, జబ్బు పేరు ఆఖరున. పేరు తప్పయినా అంచు సరిగ్గా చదివినవారికి మార్కులు పడాలి. ఆ అబ్బాయి మొదటి ఫిల్మ్, పేరు తీసేసి, నా దగ్గరుంది. ఆ పదిలో ఒకటిగా దాన్నే ఇస్తాను.

ఇట్లు,
ఒక రేడియాలజీ అధ్యాపకుడు