మా పాన్ నంబర్ గొడవ: బిల్లులు తీసుకునే ఆఫీసులన్నిటికీ

"బాబాయ్, మీ పాన్ పనిచేయట్లేదని మాకు నోటీసొచ్చింది. మీ బిల్లు మీద ఇరవై శాతం పట్టుకోవాల్సిందట. ఇదేంటి?"

ఆగస్టులో ఒక ఆఫీసు అకౌంటెంట్ పిల్ల ఫోన్ చేసి అడిగిన మాట ఇది. పదకొండేళ్లుగా వాళ్లకి మధ్యాహ్నం భోజనాలు పంపుతున్నాను. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు అడిగారు. ఫోన్‌లో తలా ఒక ముక్క చెప్పేకన్నా జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నా.

నాకు రెండు పాన్‌లు ఉన్నాయి. కావాలని తీసుకున్నవి కావు. మొదటిది 2005లో నేనే క్యూలో నిలబడి తీసుకున్నా. దరఖాస్తులో ఇనీషియల్ రాయకూడదు, పేరంతా విడదీసి రాయాలి. సర్‌నేమ్ అన్నచోట మా ఇంటిపేరు రాశాను. 2014లో బ్యాంకు లోను అవసరం పడేసరికి ఆ కార్డు కనపడలేదు. అప్పట్లో నా లెక్కలు చూసే ఏజెంటు పోయిన కార్డుకి రీప్రింట్ పెట్టకుండా ఏకంగా కొత్త పాన్‌కే దరఖాస్తు చేశాడు. అందులో ఇంటిపేరు ముందు పెట్టి, నన్ను పిలిచే పేరుని సర్‌నేమ్ గడిలో వేశాడు. మన తెలుగువాళ్ల పేర్లకి వచ్చే తిప్పలే ఇది. పేరు తిరగబడింది గనకే పాతది ఉన్నట్టు కంప్యూటర్ పట్టుకోలేదని నా అనుమానం. నంబర్ చూస్తేనే తెలిసిపోతుంది. పాన్‌లో నాలుగో అక్షరం మనిషైతే పీ, ఐదోది సర్‌నేమ్ మొదటి అక్షరం. నా రెండు కార్డుల్లో ఆ ఐదో అక్షరమే వేరు.

2017లో జీఎస్టీ తీసుకున్నది రెండో నంబర్ మీద. అప్పటినుంచి రిటర్నులు, మీరు కట్టే టీడీఎస్ అన్నీ దానిమీదే నడిచాయి. ఈలోగా పాత కార్డు బీరువాలో దొరికింది. 2022 మార్చిలో ఆధార్ లింకుకి గడువు అయిపోతోందని అందరూ కంగారు పెడుతుంటే చేతిలో ఉన్న ఆ కార్డు నంబరే కొట్టి లింక్ చేసేశాను. ఆ తప్పు నాదే. ఒక ఆధార్‌కి ఒక పానే. అందువల్ల మీ బిల్లుల మీద ఉండే పాన్ 2023 జూలై 1 నుంచి ఇనాపరేటివ్ అయిపోయింది. నా రీఫండ్ ఆగిపోతే ఏజెంటుని అడిగాను. "వస్తుందిలే అండీ" అన్నాడు, రెండేళ్లు. ఒక్కసారి పోర్టల్‌లో Link Aadhaar Status తెరిచి చూసినా తెలిసేది. మా లెక్కలు ఇప్పుడు ఆయన చూడట్లేదు, అంతకుమించి ఆయన గురించి రాయను.

అసలు తల బద్దలైంది రెండింట్లో ఏది ఉంచుకోవాలన్న దగ్గర. నిజం చెప్పాలంటే మూడు వారాలు నిద్ర లేదు. పాతది నా స్వంతం. స్థలం రిజిస్ట్రేషన్, ఎల్‌ఐసీ, ఫిక్స్‌డ్ డిపాజిట్లు దానిమీదే ఉన్నాయి, ఆధార్ కూడా అక్కడే ఉంది. అది ఉంచుకుని రెండోది సరెండర్ చేస్తే ఆదాయపన్ను ఆఫీసు చుట్టూ తిరిగే పని సగం తప్పేది. పైగా దాంట్లో మా నాన్న ఇచ్చిన ఇంటిపేరు అక్షరం ఉంది. మీకు నవ్వు రావచ్చు, నాకు మాత్రం పట్టింపే.

కానీ జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండంకెలు రాష్ట్రానివి, మనకి 37. ఆ తర్వాత పది అక్షరాలు పానే. పాన్ మారితే జీఎస్టీని సవరించడం ఉండదు, కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే. అంటే మీ అందరి పుస్తకాల్లో వెండర్ కోడ్ మారాలి, ఇన్నేళ్ల టీడీఎస్ నేను వదిలేసిన నంబర్ మీద ఉండిపోవాలి. నా తప్పుకి ముప్పై ఆఫీసుల అకౌంటెంట్లు పని చేయాలా? అందుకే రెండోదే ఉంచుకున్నాను. పేరుని తర్వాత సరిచేయించాను గానీ, పేరు మారినా నంబర్ మారదు. ఆ ఐదో అక్షరం నేనున్నన్నాళ్లూ తప్పుగానే ఉంటుంది.

ఆ తర్వాత పని వరసగా జరగాలి. ముందు పాత పాన్ నుంచి ఆధార్‌ని విడదీయాలి. అది ఆన్‌లైన్‌లో మన చేతిలో లేదు. మన పరిధిలోని అసెసింగ్ ఆఫీసర్‌కి రెండు పాన్‌ల నకళ్లు, ఆధార్, జరిగింది రాసిన ఉత్తరం ఇవ్వాలి. లింకు ఎలా జరిగిందో వాళ్లు రికార్డు తెప్పించి చూసుకుని విడదీస్తారు. తర్వాత వెయ్యి రూపాయలు ఫీజు కట్టి ఉంచుకునే పాన్‌కి లింక్ చేసుకోవాలి. సరెండర్‌కి విడిగా ఫారం లేదు. పాన్ సవరణ దరఖాస్తులోనే పైన ఉంచుకునే నంబర్ రాసి, 11వ గడిలో వదిలేసే నంబర్ రాసి, ఆ కార్డు నకలు జతచేయాలి. ఈ రెండూ తలకిందులుగా రాస్తే పనికొచ్చే పానే పోతుంది. నేను నాలుగుసార్లు చదివించుకుని సంతకం పెట్టాను. ఆఫీసర్‌కి ఇచ్చిన ఉత్తరం మీద రసీదు ముద్ర వేయించుకున్నా. పాత నంబర్ మీద వచ్చిన డిపాజిట్ వడ్డీ రిటర్నుల్లో చూపలేదు గనక, అప్‌డేటెడ్ రిటర్నులు వేసి అదనపు పన్నుతో సహా కట్టాను. రెండు పాన్‌లు ఉన్నందుకు పదివేలు జరిమానా వేసే అధికారం వాళ్లకుంది. వేస్తే కడతాను.

2025 సెప్టెంబర్ 19న పాన్ మళ్లీ ఆపరేటివ్ అయింది. ఇప్పుడు మీ సంగతి.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 జూలై 31 దాకా ఇచ్చిన డబ్బుకి, సెప్టెంబర్ 30లోపు పాన్ బాగుపడితే తక్కువ పట్టుకున్నందుకు మిమ్మల్ని బాధ్యులు చేయబోమని సీబీడీటీ జూలైలో సర్క్యులర్ ఇచ్చింది. అది 9/2025. ఆగస్టు నుంచి ఇచ్చినవాటికి, ఇచ్చిన నెల ముగిశాక రెండు నెలల గడువుంది. రెండిట్లోనూ మనం లోపలే ఉన్నాం. డిమాండ్ వస్తే ఈ సర్క్యులర్ చూపించండి, నేను స్టేటస్ ప్రింట్ పంపుతాను.

చిక్కంతా 2023 జూలై నుంచి 2024 మార్చి దాకా ఉన్న బిల్లులతోనే. వాటికి వెసులుబాటు 2024 మే 31లోపు బాగుచేసుకున్నవాళ్లకే. అది నాకు దాటిపోయింది. ఇలాంటివి మూడు ఆఫీసులకి ఉన్నాయి. లెక్క ఇలా ఉంటుంది: 2024 జనవరిలో రెండు లక్షల బిల్లు. మీరు ఒక శాతం, రెండు వేలు పట్టుకున్నారు. ఇరవై శాతమైతే నలభై వేలు, లోటు 38,000. ఆ ఆదాయం నేను నా రిటర్నులో చూపించి పన్ను కట్టేశాను గనక, సీఏ సర్టిఫికెట్‌తో ఫారం 26ఏ వేస్తే ఆ 38,000 మీ నెత్తిన పడదు. మిగిలేది నేను రిటర్ను వేసిన తేదీ దాకా నెలకి ఒక శాతం వడ్డీ. జనవరి నుంచి జూలై దాకా ఏడు నెలలకి 2,660. సీఏ ఫీజు, ఆ వడ్డీ రెండూ నావే. ఇందులో బేరం లేదు, "పర్లేదులే బాబాయ్" అనొద్దు.

జీఎస్టీ నంబర్, బ్యాంకు ఖాతా, బిల్లు పుస్తకం మారలేదు. పాత పాన్ ఎవరి రికార్డుల్లోనైనా ఉంటే కొట్టేయండి. దానిమీద టీడీఎస్ వేసి ఉంటే కరెక్షన్ స్టేట్‌మెంట్ వేయాల్సింది మీరే, వివరాలు నేనిస్తాను.

ఆ ముగ్గురి నోటీసు కాపీలు ఈ వారంలో పంపండి. కుర్రాణ్ణి పంపమంటే, భోజనం క్యారేజీలతోపాటే వచ్చి తీసుకుంటాడు.