సోఫాలో కూర్చుని తీసిన పాదం ఫోటో

"అన్నా, మీరు చెప్పినట్టే పాదం ఫోటో పంపాను, అయినా చెప్పులు పక్కన కరుస్తున్నాయి. అసలు ఫోటో చూస్తే వెడల్పు పాదమో, ఫ్లాట్ పాదమో నిజంగా తెలుస్తుందా?"

తెలుస్తుంది, కానీ ఇన్నాళ్లూ మేం అడుగుతూ వచ్చిన ఫోటోతో తెలియదు. పైనుంచి ఒక్క ఫోటో తీసి వాట్సాప్ చేస్తే చాలు అని రాసి పెట్టింది మేమే, కాబట్టి తప్పు మాదే. పోయిన నెల వెనక్కి వచ్చిన జతలన్నీ బల్ల మీద పెట్టుకుని, ఏ జతకి ఏ ఫోటో వచ్చిందో పక్కన తెరిచి చూశాం. సగం గొడవ ఒక్క పూటలోనే అర్థమైపోయింది. చాలా ఫోటోల్లో పాదం వెనక సోఫా అంచో, మంచం పట్టీయో కనపడుతోంది. అంటే కూర్చుని తీశారు. నిలబడి తీయమని మేం ఎక్కడా చెప్పలేదు మరి.

కూర్చున్నప్పుడు పాదం మీద బరువుండదు. లేచి నిలబడగానే అరికాలి వంపు కాస్త కిందికి దిగి, పాదం ముందుకీ పక్కలకీ పరుచుకుంటుంది. కొందరికి ఆ తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే, చెప్పులో తెలియను కూడా తెలియదు. పాదం మెత్తగా, కీళ్లు వదులుగా ఉండేవాళ్లకి మాత్రం బాగానే తేడా వస్తుంది.

గుంటూరు నుంచి ఒక టీచర్ గారు ఆర్డర్ పెట్టారు (ఆవిణ్ణి అడిగే రాస్తున్నా). కూర్చుని తీసిన ఫోటోలో మాకు పొడవు 238 మిల్లీమీటర్లు, వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పు 92 వచ్చింది. వెడల్పుని పొడవుతో భాగించి చూడటం మా పద్ధతి. 39 శాతం దాకా వస్తే మామూలు అచ్చు మీద చేసిన చెప్పు, 40 దాటితే వెడల్పు అచ్చుది, మధ్యలో వస్తే ఫోన్ చేసి అడుగుతాం. ఇది మా అచ్చులకి మేం పెట్టుకున్న లెక్క, ఇంకో కంపెనీ చెప్పులు కొనేటప్పుడు దీన్ని పట్టుకెళ్లకండి. ఆవిడది 39 లోపే వచ్చింది, మామూలుది పంపాం. రెండో రోజుకే చిటికెన వేలి పక్కన కరిచింది. రోజంతా బోర్డు ముందు నిలబడే మనిషికి కూర్చున్న పాదం కొలతతో చెప్పు పంపామన్నమాట. తర్వాత నిలబడి కొలిస్తే పొడవు 243, వెడల్పు 98. అంటే 40 దాటింది. పొడవు కూడా 5 మిల్లీమీటర్లు పెరిగింది. నంబరుకీ నంబరుకీ మధ్య తేడా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లే కాబట్టి, అది అర నంబరు కన్నా ఎక్కువే.

రెండో పొరపాటు కెమెరాది. స్కేలు కోసం పాదం కింద ఏ ఫోర్ కాగితం పెట్టమన్నాం, దాని కొలత ఎక్కడైనా 297 బై 210 మిల్లీమీటర్లే కాబట్టి. బాగానే ఉంది, కానీ కాగితం నేల మీద ఉంటుంది, పాదంలో బాగా వెడల్పుగా ఉండే అంచు నేలకి సెంటీమీటరు పైన ఉంటుంది. కెమెరాకి దగ్గరగా ఉన్నది పెద్దగా పడుతుంది. వంగి 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి తీస్తే వెడల్పు దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు ఎక్కువ కనపడుతుంది, మీటరు ఎత్తు నుంచి జూమ్ చేసి తీస్తే ఒక మిల్లీమీటరే. పైగా టీచర్ గారి ఫోటో దగ్గర నుంచి తీసిందే, అంటే కూర్చోవడం వల్ల తగ్గినదాంట్లో కొంత కెమెరా పూడ్చినా కూడా చెప్పు కరిచింది.

అందుకని ఇక మీదట పాదం ఫోటో వద్దు, కాగితం మీద పాదం చుట్టూ గీసిన గీత ఫోటో పంపండి. సాయంత్రం పూట, ఎందుకంటే పొద్దుటికన్నా అప్పుడు పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, కాగితాన్ని గోడకి ఆనించి, మడమ గోడకి తగిలేలా, రెండు కాళ్ల మీదా సమానంగా బరువేసి నిలబడండి. గీత ఇంకొకరితో గీయించండి, మీరే వంగితే బరువు ముందుకి పోతుంది. పెన్సిల్ నిట్టనిలువుగా ఉండాలి, లోపలికి వాలితే పాదం సన్నబడిపోతుంది. రెండు పాదాలకీ గీయండి, పెద్ద పాదాన్ని బట్టే నంబరు తీస్తాం. తర్వాత కాగితం నాలుగు మూలలూ కనపడేలా ఫోటో తీస్తే చాలు.

ఇది వెడల్పు సంగతి. వంపు సంగతి వేరే, ఇక్కడే నాకు బాగా సిగ్గుగా ఉంది. పైనుంచి చూసి "పాదం పరుచుకుని ఉంది, ఫ్లాట్ పాదం" అని మా కుర్రాడూ నేనూ చాలామందికి చెప్పేశాం. వెడల్పు పాదం వేరు, అరికాలి వంపు లేని ఫ్లాట్ పాదం వేరు. ఖమ్మం నుంచి ఒకాయన ఉన్నారు, ఆయన పాదం వెడల్పే, కానీ స్నానం చేసి గచ్చు మీద అడుగు వేస్తే మడమ ఒక ముద్ద, వేళ్ల మొదళ్లు ఒక ముద్ద పడి, మధ్యలో సన్నటి తాడంత తడి మాత్రమే ఉంటుంది. అంటే వంపు ఎత్తుగా ఉన్న పాదం. ఫ్లాట్ అనుకుని మేం పంపిన శాండిల్‌లో పట్టీ చివరి రంధ్రానికి కూడా అందలేదు, పాదం పైభాగంలో ఎర్రగా అచ్చు పడిపోయింది. పొడవు పట్టీ, బకిల్ వేసి ఇచ్చాక సరిపోయింది.

వంపు కోసం రెండు ఫోటోలు కావాలి, రెండూ పాదం లోపలి వైపు నుంచే, ఫోన్‌ని నేల మీద ఆనించి తీయాలి. ఒకటి నిలబడి, రెండో కాలు అడ్డు రాకుండా కాస్త వెనక్కి పెట్టి. ఇంకోటి కూర్చుని. నెత్తి మీద ట్యూబ్‌లైట్ ఉంటే పాదం కింద నల్లటి నీడ పడి లేని వంపు ఉన్నట్టు కనపడుతుంది, అందుకని వెలుతురు పక్కనుంచి, కిటికీ వైపు నుంచి పడేలా చూడండి. కూర్చున్నప్పుడు వంపు కనపడి, నిలబడగానే మాయమైతే అది వదులు ఫ్లాట్ పాదం. దానికి మెత్తటి చిన్న ఆసరా ఉన్న అట్ట, మడమని గట్టిగా పట్టుకునే శాండిల్ ఇస్తాం. గట్టి ఆర్చ్ పెడితే గులకరాయి మీద నిలబడ్డట్టు ఉంటుంది, ఇద్దరు ముగ్గురు మాకు ఆ మాటే అన్నారు. కూర్చున్నా, మునివేళ్ల మీద లేచినా వంపు రాకపోతే, లేదా నొప్పి ఉంటే, మేం చెప్పు అమ్మం, ముందు ఎముకల డాక్టరుకి చూపించండి.

నాలుగైదేళ్ల లోపు పిల్లల పాదాలు చూడ్డానికి ఫ్లాట్‌గానే ఉంటాయి, వాళ్లకి ఆర్చ్ చెప్పులు అడక్కండి. షుగర్ ఉండి కాళ్లు మొద్దుబారినవాళ్లకి ఫోటో చూసి చెప్పులు పంపడం ఈ రోజు నుంచి ఆపేశాం. చెప్పు కరిచినా తెలియని కాలికి నా అంచనా మీద చెప్పు పంపడం నావల్ల కాదు. మీ డాక్టరు మెత్తటి రబ్బరుతో చేసే ఎంసీఆర్ చెప్పులు రాస్తే ఆ చీటీతో, కాలితో సహా కొట్టుకి రండి.

పాత ఫోటోతో కొని చెప్పు కరుస్తున్నవాళ్లు గీత పంపండి, మార్చి ఇస్తాం, రానూపోనూ కొరియర్ ఖర్చు మాదే. వాడేశారని వెనకాడకండి. వెడల్పు అచ్చులో 6 నుంచి 9 నంబర్లు సిద్ధంగా ఉన్నాయి, 5 నంబరు అచ్చు ఇంకా రాలేదు, టీచర్ గారూ, మీదే అది, వచ్చిన రోజే ఫోన్ చేస్తాను.