స్టవ్ గట్టు బాక్సులు తిప్పి పంపాను

"అన్నా, ఈ నెలలో కిచెన్ బిగిస్తానన్నావు, ఇంకా బాక్సులే రాలేదా?"

వచ్చాయి. నేనే తిప్పి పంపాను.

జడ్చర్లలో ఒక ఇంటి పని చెప్తాను. అక్కడ వంట చేసే అక్క ఎత్తు 5 అడుగులు, మోచేయి నేల నుంచి 37 అంగుళాలు. కూరగాయలు కోసే గట్టు మోచేతికి 4 అంగుళాలు కింద ఉంటే చాలు, అంటే 33. స్టవ్ దగ్గర అదే 33 పెడితే, స్టవ్ 5 అంగుళాలు, గిన్నె 8 అంగుళాలు కలిసి గిన్నె అంచు 46 దగ్గరికి పోతుంది. భుజం లేపి గరిటె తిప్పాలి. పైగా ఆ ఇంట్లో రోజూ జొన్న రొట్టెలు. పిండి పిసకాలన్నా, రొట్టె కొట్టాలన్నా బరువు పై నుంచి పడాలి. అందుకే స్టవ్, రొట్టెల వైపు గట్టు 29 అంగుళాలకు దించాం.

29 అంగుళాలంటే 737 మిల్లీమీటర్లు. గ్రానైట్ 20, కింద కాళ్లు 100 పోతే బాక్స్ 620 దాకా ఉండాలి. ఆర్డర్‌లో రాసిచ్చింది అదే. వచ్చినవి అన్నీ 720. ఫోన్ చేస్తే సప్లయర్ అన్నాడు, "కాళ్లు తీసెయ్యి, లెక్క సరిపోతది కదా." నిజమే, 720కి గ్రానైట్ 20 కలిపితే 740, దాదాపు అదే ఎత్తు. కస్టమర్‌కు తేడా కూడా కనపడదట!

రెండు రాత్రులు నాకు అదే టెన్షన్. బిగించేస్తే చెప్పిన తేదీకి పని అయిపోతుంది, బాకీ డబ్బులూ వస్తాయి. కానీ కాళ్లు లేని బాక్స్ నేల మీదే కూర్చుంటుంది. ఇల్లు కడిగినప్పుడల్లా నీళ్లు ప్లైవుడ్ అంచులోకి ఎక్కుతాయి, అడుగు ఉబ్బి డ్రాయర్లు బిగుసుకుంటాయి. పాదాలు లోపలికి పెట్టుకునే ఖాళీ ఉండదు కాబట్టి మనిషి దూరంగా నిలబడి నడుము వంచాలి. నడుము కోసమే కదా గట్టు దించింది!

ఇక ఆ సప్లయర్‌తో పని లేదు. బాక్సులు మా షెడ్డులోనే కోస్తున్నాం. కాస్త లేటవుతుంది, మీతో అనుకున్న రేటు మాత్రం మారదు.

దించిన గట్టుతో ఒక నష్టం కూడా ఉంది. 620 బాక్స్‌లో మూడు డ్రాయర్ల బదులు రెండే పెడుతున్నాం. కుక్కర్లు, పెద్ద గిన్నెలు ఉండే కింది దానికి 50 కిలోలు మోసే ఛానల్ వేస్తున్నాం. రెగ్యులేటర్‌తో సిలిండర్ అందులో పట్టదు, బయట పెట్టి పైపు లాగాలి. బియ్యం డబ్బా 33 గట్టు కిందికి పోతుంది.

ఇంకా కొలతలు ఇవ్వని వాళ్లు, నేను వచ్చినప్పుడు రోజూ వంట చేసే మనిషిని ఇంట్లో ఉండమనండి. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే కొలుస్తాను. అందరిలాగా మొత్తం 34 పెట్టు చాలు అనేవాళ్లు వేరే షాపు చూసుకోవచ్చు, అడ్వాన్స్ మొత్తం తిరిగిస్తాను.